ధనియాలతో బాల్కనీలో కొత్తిమీర

వంటింట్లోని ధనియాలు కుండీలో చల్లాను, ఒకటీ అరా తప్ప మొలవలేదు. ఎందుకు? మాది హన్మకొండ.

ఎక్కువగా రెండు కారణాలుంటాయి: గింజలు పాతవై ఉండాలి, లేదా పగలగొట్టకుండా చల్లి ఉండాలి. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి, పైతొక్క గట్టిది. వేయించనివి, మంచి వాసన ఉన్నవి గుప్పెడు తీసుకొని అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తండి. గింజ రెండు బద్దలుగా విడిపోతే చాలు. పొడి రాలుతోందంటే లోపలి విత్తనం కూడా నలిగిపోతున్నట్టే.

ఆ బద్దలను రాత్రంతా నానబెట్టి, కనీసం ఆరంగుళాల లోతున్న కుండీలో అరంగుళం లోపల విత్తండి. వేరు నిటారుగా దిగుతుంది కాబట్టి మొలిచాక పీకి వేరేచోట నాటొద్దు. మొలకకు 7 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటిదాకా పైమట్టి ఎండకూడదు, నీళ్లు నిలవకూడదు.

మన దగ్గర అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగా వస్తుంది. మార్చి ఎండ ముదిరాక మధ్యలోంచి కాడ పైకి లేచి, కొత్త ఆకులు సోంపు ఆకుల్లా సన్నగా వస్తే, మొక్క పూతకు వచ్చినట్టు. నీళ్లు ఎక్కువ పోసినా అది ఆగదు, ఉన్న ఆకు వెంటనే కోసుకోండి.