సీ బ్రీజ్ సెంట్‌లో సముద్రం వాసన ఎందుకు ఉండదు?

"సీ బ్రీజ్, ఓషన్ అని అమ్మే సెంట్లు నిజం సముద్రంలా ఎందుకు వాసన రావు?"

ఆ సెంట్లలో సముద్రం నుంచి తీసినదేమీ సాధారణంగా ఉండదు, ల్యాబ్‌లో తయారైన కాలోన్ లాంటి అణువులు ఉంటాయి కాబట్టి. కాలోన్‌ను 1966లో ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు కనుగొన్నారు. దాని వాసన పుచ్చకాయ కోసినప్పుడు వచ్చే చల్లదనంలా ఉంటుంది, వెనక కాస్త ఉప్పుగాలి స్ఫురిస్తుంది. చాలా ఘాటైనది, చిటికెడు చాలు. ఎక్కువైతే ఆల్చిప్పల నీచు తేలుతుంది. 1996లో వచ్చిన ఆక్వా డి జియో సెంట్‌లోని సముద్రపు తాజాదనంలో దీని పాత్ర పెద్దది.

నిజం సముద్రపు వాసనలో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్. నీటిలోని సూక్ష్మమైన నాచుజీవులు చనిపోయినప్పుడు, వాటిలోని ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొడితే ఈ గంధకపు వాయువు పుడుతుంది. గాలిలో పలచగా ఉంటే బీచ్ గుర్తొస్తుంది. చిక్కబడితే ఉడికిన క్యాబేజీ కంపు! ఒంటికి పూసుకునే సెంట్‌లో అందుకే దాన్ని సాధారణంగా దూరం పెడతారు.

చాలామంది సముద్రపు వాసన ఉప్పుదనీ, ఓజోన్‌దనీ అనుకుంటారు. ఉప్పుకు వాసనే లేదు. "ఓజోనిక్" సెంట్లలోనూ ఓజోన్ ఉండదు. ఉంటే మిగతా సువాసన ద్రవ్యాలతో చర్య జరిపి వాటిని పాడు చేస్తుంది.