విచారణ ఏ రోజు నుంచి మొదలవ్వాలి?

"తనని మూడు నెలలుగా ఏడిపిస్తున్న పిల్లాడిని మావాడు నిన్న స్కూల్లో కొట్టాడు. ముందు చెయ్యి చేసుకుంది మీవాడేనని సస్పెండ్ చేస్తామంటున్నారు. ఏం చేయాలండీ?"

నిన్నటి ఒక్క నిమిషమే చూస్తే మీవాడే మొదలుపెట్టినట్టు కనిపిస్తుందండీ. టీచర్ కంటపడేది చాలాసార్లు తిరిగి కొట్టిన దెబ్బే. అందుకే విచారణ మూడు నెలల వెనక నుంచి మొదలుపెట్టమని రాతపూర్వకంగా అడగండి.

ఈ రాత్రే బాబుతో కూర్చుని జరిగినవన్నీ రాయండి. "రోజూ ఏడిపిస్తాడు" అంటే ఎవరూ ఏమీ తేల్చలేరు. "సోమవారం లంచ్ తర్వాత బ్యాగ్ డస్ట్‌బిన్‌లో పడేశాడు, పక్క బెంచీ అబ్బాయి తీసిచ్చాడు" అంటే ఆ అబ్బాయిని పిలిచి అడగొచ్చు. తేదీ గుర్తులేకపోతే ఊహించి రాయకండి, ఒక్కటి తప్పని తేలినా మిగతావీ నమ్మరు. ముందే ఏ టీచర్‌కైనా చెప్పి ఉంటే అది తప్పక రాయండి, అన్నిటికంటే బలమైన ఆధారం అదే.

చూసిన పిల్లల్ని విడివిడిగా అడగమనండి. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పించడానికి మాత్రం అస్సలు ఒప్పుకోకండి, భయపడే పిల్లాడు అక్కడ నోరు విప్పడు.

కొట్టడం ఒక ఫిర్యాదు, వేధింపు ఇంకో ఫిర్యాదు. కొట్టినందుకు మీవాడితో మాట్లాడనివ్వండి. రెండోది తేలేదాకా సస్పెన్షన్ ఆపమనండి.