అప్రైజల్ ఫారం మీద సంతకం పెట్టనంటే

"మా గోడౌన్‌లో డిస్పాచ్ సూపర్‌వైజర్ అప్రైజల్ ఫారం మీద సంతకం పెట్టనంటున్నాడు. రేటింగ్ ఒప్పుకోడట. సంతకం లేకపోతే ఫైల్ క్లోజ్ కాదని హెచ్‌ఆర్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఎలా పెట్టించాలి?"

పెట్టించకండి. ముందు ఆ ఫారం తీసి, సంతకం గీత పైన ఏం రాసుందో చూడండి. "పై మదింపుతో అంగీకరిస్తున్నాను" అని ఉంటే అతను పెట్టకపోవడమే సరైన పని. ఒప్పుకోనివాడి చేత ఒప్పుకున్నానని సంతకం అడుగుతున్నారు మరి. అక్కడ ఉండాల్సిన మాట వేరు: "ఈ ఫారం చదివాను, దీనిపై నాతో చర్చ జరిగింది. ఈ సంతకం అంగీకారం కాదు. నా అభిప్రాయం కింది గళ్లలో రాశాను." ఈ మూడు వాక్యాలు, కింద అతను రాసుకోడానికి ఐదారు గీతల ఖాళీ ఉంటే చాలామంది పెట్టేస్తారు. ఏ రేటింగూ లేని కొత్త ఫారం మీద ఈ వాక్యాలు అచ్చు వేయించమని ఏళ్ల తరబడి చెప్తున్నా వినని హెచ్‌ఆర్ విభాగాలు చాలానే ఉన్నాయి. నాకు అది నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఇక రెండోది, ఫారంలో మీరేం రాశారన్నది. మీరు రాసింది చూడలేదు గానీ, ఇలాంటి ఫారాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: "బాధ్యత తక్కువ, యాటిట్యూడ్ మార్చుకోవాలి." దీని కింద ఎవరూ సంతకం పెట్టరు. ఇది అతను చేసిన పని గురించి కాదు, అతని గురించి. పైగా రేపు ఎవరైనా రుజువు అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

అదే విషయం ఇలా రాయొచ్చు. అంకెలు ఉదాహరణకే, మీవి మీ రిజిస్టర్లోంచి తీసుకోండి: "జనవరి నుంచి మార్చి దాకా 240 లోడ్లలో 31 ఆలస్యంగా వెళ్లాయి. అందులో 9 లారీయే ఆలస్యంగా రావడం వల్ల, వాటిని లెక్కలోంచి తీసేశాం. మిగతా 22 లోడ్లకు పికింగ్ లిస్టు ముందురోజు సాయంత్రం కాకుండా ఉదయం తొమ్మిది దాటాక ఇచ్చారు. ఫిబ్రవరి 12న మెయిల్‌లో ఈ సంగతి చెప్పాం." ఆ 9ని తీసేయడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, అతను కూర్చుని చదివేటప్పుడు ముందు చూసేది అదే. తన తప్పు కానిది తన మీద వేయలేదని తెలిస్తే మిగతా 22 గురించి మాట్లాడతాడు. ఫిబ్రవరి మెయిల్ నిజంగా ఉండాలి. ఏడాదంతా ఒక్క మాట అనకుండా ఏప్రిల్లో చెప్పే లోపం ఎవరికైనా దెబ్బలాగే తగులుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది ఏమిటంటే, అతను అన్నది. చర్చలో "జనవరి నుంచి ఇద్దరు మనుషులు తక్కువ ఉన్నారు సార్, రెండుసార్లు మీకు చెప్పాను" అని అతను అంటే, అది అతని మాటల్లోనే ఫారంలోకి రావాలి. "మనుషుల కొరత సాకు చెప్పారు" అని రాయకండి, "సాకు" అన్న మాట మీది. దాని పక్కనే మీ జవాబు రాయండి: నిజంగా తక్కువ ఉన్నారా, ఎన్నాళ్లు, అతను ఎప్పుడు చెప్పాడు, మీరేం చేశారు. కొరత నిజమైతే రేటింగ్ మారాలేమో కూడా అప్పుడే తేలుతుంది. నోట్సు అదే రోజు రాయాలి. రెండు వారాల తర్వాత గుర్తు చేసుకుని రాసినదాంట్లో మీరు అన్నవన్నీ ఉంటాయి, అతను అన్నవి ఉండవు.

ఇవన్నీ సరిగా ఉన్నా పెట్టనన్నాడు అనుకుందాం. అక్కడికక్కడే బలవంతం చేయకుండా కాపీ చేతికిచ్చి, రెండు మూడు పనిదినాలు గడువివ్వండి. "మీరు ఒప్పుకోనివి మీ మాటల్లో రాసివ్వండి, దాన్ని ఫారానికి జత చేస్తాం" అని చెప్పండి. "సంతకం పెట్టకపోతే ఇంక్రిమెంట్ ఆగుతుంది" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో, తర్వాత అతను పెట్టే సంతకానికి కూడా విలువ పోతుంది.

గడువు అయ్యాక కూడా వద్దంటే హెచ్‌ఆర్ నుంచి ఒకరిని గదిలోకి పిలిచి, వాళ్ల ఎదురుగా ఇంకొకసారి ఫారం ఇచ్చి అడగండి. సాక్షి ఆ క్షణంలో అక్కడ ఉన్న మనిషి కావాలి. సాయంత్రం ఎవరో ఒకరి దగ్గరికి ఫారం పంపి సాక్షి సంతకం పెట్టించుకోవడం చాలాచోట్ల జరుగుతోంది, అది తప్పుడు కాగితం. మీ కింద పనిచేసేవాణ్ని కూడా సాక్షిగా పెట్టకండి, మీకు కాదనలేడు. ఉద్యోగి సంతకం గీతను ఖాళీగా వదిలేసి, దాని కింద ఇలా రాయండి:

"ఏప్రిల్ 16, మధ్యాహ్నం 3:20. ఫారం ఇచ్చాం, ఆయన పూర్తిగా చదివారు. 'రేటింగ్ ఒప్పుకోను, పెట్టను' అన్నారు. కాపీ తీసుకున్నారు."

మీ సంతకం, సాక్షి సంతకం, తేదీ. సాక్షి చెప్పేది అంతే: ఫారం ఇచ్చారు, చదివాడు, పెట్టనన్నాడు. రేటింగ్ సరైనదో కాదో సాక్షికి సంబంధం లేదు. కాపీ కూడా తీసుకోనంటే అదే మాట రాసి, ఆ రోజే ఆఫీసు మెయిల్‌కి పంపండి. మెయిల్ వాడని మనిషైతే స్పీడ్ పోస్టులో ఇంటికి పంపి రసీదు ఫైల్లో పెట్టండి.

ఉద్యోగి సంతకం పెట్టలేదు కాబట్టి మెమో ఇస్తామనే మేనేజర్లున్నారు. పని గురించి లోపం ఉంటే దాని మీద ఇవ్వండి, సంతకం పెట్టనందుకు కాదు. ఆన్‌లైన్ ఫారాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని రోజులు నొక్కకపోతే అక్‌నాలెడ్జ్ బటన్ దానంతటదే నొక్కినట్టు చూపించేలా కొందరు సెట్టింగ్ పెడతారు. మనిషి నొక్కనిదాన్ని నొక్కినట్టు చూపడం అబద్ధపు రికార్డు. "ఉద్యోగి స్పందించలేదు" అన్న స్టేటస్ పెట్టించండి.

మీ హెచ్‌ఆర్‌కి ఒక్క విషయం చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చూసింది. బోర్డర్ రోడ్స్ ఇంజనీరుకు ఒక ఏడాది పనితీరు రిపోర్టులో 'గుడ్' అని రాశారు, పదోన్నతికి 'వెరీ గుడ్' కావాలి. ఆ ఎంట్రీ అతనికి చెప్పనే లేదు. ఎంట్రీ మంచిదైనా చెడ్డదైనా తెలియజేయాలి, దాని మీద చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని కోర్టు చెప్పింది. ఆ తర్వాతి ఏడాది కేంద్రం ఉద్యోగులకు అభ్యంతరం చెప్పుకోడానికి 15 రోజులు ఇచ్చింది. ఆ తీర్పు ప్రైవేటు కంపెనీని కట్టిపడేయదు, కానీ చూడండి, అక్కడ అడిగింది తెలియజేశారా, చెప్పుకునే అవకాశం ఇచ్చారా అని. ఒప్పుకున్నాడా అని అడగలేదు. సంతకం లేనిదే ఫైల్ క్లోజ్ కాదన్న నియమం మీ వాళ్లు పెట్టుకున్నదే అయితే, "సంతకం లేదా నిరాకరణ నోటు" అని మార్చడానికి ఒక మెయిల్ చాలు.

అతను గడువులోపు రాతపూర్వకంగా ఏదైనా ఇస్తే, ఒక్క అక్షరం మార్చకుండా జత చేయండి. అందులో సరైనది ఉంటే ఫారంలో దిద్దండి, పాతదాన్ని తుడిచేయకుండా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయండి. ఇంకా 2 లోడ్లు లారీ వల్లే అని అతను గేట్ రిజిస్టర్ చూపిస్తే 22 కాస్తా 20 అవుతుంది. ఆ దిద్దిన ఫారాన్ని మళ్లీ అతని ముందు పెట్టి, ఇంకొకసారి అడగండి.