మందే రెసిస్టెన్స్ పుట్టిస్తుందా? సిప్రోఫ్లాక్సాసిన్, ఎస్‌ఓఎస్ గురించి ల్యాబ్ అనుభవం

ప్రశ్న: సిప్రోఫ్లాక్సాసిన్ వల్ల బ్యాక్టీరియాలో ఎస్‌ఓఎస్ రెస్పాన్స్ మొదలై మ్యుటేషన్లు పెరుగుతాయని చదివాను. అంటే మందే రెసిస్టెన్స్ పుట్టిస్తోందా, లేక ముందే ఉన్న రెసిస్టెంట్ కణాలను మిగులుస్తోందా? ఈ రెండింటినీ విడదీసి చూడటం ఎలా? ల్యాబ్‌లో చేసినవాళ్ళు చెప్పగలరా?

జవాబు:

రెండూ జరుగుతాయి. అసలు చిక్కంతా దేని వాటా ఎంతో తేల్చడంలోనే ఉంది. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఇ. కోలై మీద కొన్నేళ్ళు ఈ పనే చేశాను కాబట్టి, ప్రయోగం ఎలా చేస్తారో, అందులో అంకెలు ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో చెప్తాను. ముందు లోపల జరిగేది కొంచెం చూడాలి, లేకపోతే ప్రయోగం అర్థం కాదు.

సిప్రోఫ్లాక్సాసిన్ పట్టుకునేది డీఎన్ఏ గైరేజ్ అనే ఎంజైమును. మెలికలు పడ్డ డీఎన్ఏను సరిచేయడానికి గైరేజ్ రెండు పోగులనూ కత్తిరించి, మళ్ళీ అతికిస్తుంది. కత్తిరించాక, అతికించే లోపు మందు వచ్చి దాన్ని అక్కడే బిగించేస్తుంది. డీఎన్ఏ కాపీ చేసుకుంటూ వస్తున్న యంత్రాంగం ఆ చోట ఆగిపోతుంది, పోగులు తెగి బయటపడతాయి. తెగిన కొసలను రెక్‌బీసీడీ అనే ఎంజైము కొరుక్కుంటూ పోయి ఒంటిపోగు డీఎన్ఏను మిగులుస్తుంది. ఆ ఒంటిపోగు మీద రెక్‌ఏ ప్రొటీన్ వరసగా చుట్టుకుంటుంది. కణానికి అదే ప్రమాద సంకేతం.

మామూలు రోజుల్లో నలభై పైచిలుకు జీన్‌ల మీద లెక్స్‌ఏ అనే ప్రొటీన్ కూర్చుని వాటిని అణచి ఉంచుతుంది. ఒంటిపోగు మీద చుట్టుకున్న రెక్‌ఏ తగిలితే లెక్స్‌ఏ తనను తానే రెండు ముక్కలు చేసుకుంటుంది. రెక్‌ఏ కోయదు, కోసుకునేలా చేస్తుందంతే. లెక్స్‌ఏ తగ్గేకొద్దీ ఆ జీన్‌లు ఒక్కొక్కటిగా పని మొదలుపెడతాయి. 1970ల్లో మిరోస్లావ్ రాడ్మన్, ఎవలిన్ విట్కిన్ లాంటివాళ్ళు దీన్ని ఒకే ఒక్క సమన్విత స్పందనగా చూడటం మొదలుపెట్టారు, ఎస్‌ఓఎస్ అన్న పేరు అప్పుడు పడిందే.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది వరస. లెక్స్‌ఏ పట్టు కొన్ని జీన్‌ల మీద వదులుగా, కొన్నిటి మీద గట్టిగా ఉంటుంది. పట్టు వదులుగా ఉన్నవి ముందు లేస్తాయి. అవి దెబ్బతిన్న ముక్కను జాగ్రత్తగా కోసి తీసి, పక్క పోగును చూసి సరిగ్గా పూరించే రిపేర్ జీన్‌లు. గట్టిగా అణిగి ఉన్నవి చివర లేస్తాయి. వాటిలోనే యుఎమ్‌యుడి, యుఎమ్‌యుసి ఉన్నాయి. యుఎమ్‌యుడి తయారైనా వెంటనే పనికిరాదు, రెక్‌ఏ సాయంతో దాని కొస తెగాలి. ఆ తర్వాతే రెండు ప్రొటీన్‌లూ కలిసి, డీఎన్ఏను కాపీ చేసే పాలిమరేజ్ 5 అనే ఎంజైము అవుతుంది. అతినీలలోహిత కిరణాలతో దెబ్బ తగిలాక ఇది రంగంలోకి దిగడానికి అరగంట అటూ ఇటూ పడుతుంది. అంటే జాగ్రత్తైన రిపేర్‌తో పని అయిపోతే ఇది రానే రాదు. నష్టం ఇంకా మిగిలి ఉంటేనే వస్తుంది. దెబ్బతిన్న అక్షరం ఎదురైనా ఆగకుండా ఏదో ఒక అక్షరం పెట్టి దాటేస్తుంది. పెట్టింది తప్పో ఒప్పో వెనక్కి చూసి దిద్దుకునే శక్తి దానికి లేదు. మ్యుటేషన్లు పెరిగేది ప్రధానంగా ఇక్కడే.

మైక్రోస్కోప్‌లో దీన్ని కళ్ళతో చూడొచ్చు. ఎస్‌ఓఎస్‌లో సుల్‌ఏ అనే ప్రొటీన్ కూడా తయారై, కణం రెండుగా చీలడానికి కావాల్సిన ఎఫ్‌టీఎస్‌జెడ్ వలయాన్ని ఏర్పడనివ్వదు. కణం పెరుగుతూనే ఉంటుంది, విడిపోదు. మామూలుగా రెండు మూడు మైక్రాన్ల పొట్టి కడ్డీల్లా కనిపించే ఇ. కోలై, తక్కువ మోతాదు సిప్రోఫ్లాక్సాసిన్‌లో కొన్ని గంటలు ఉంచితే ఫీల్డ్ ఈ చివర నుంచి ఆ చివరికి పాకే పొడుగు దారాల్లా మారుతుంది. డీఎన్ఏ రంగు వేసి చూస్తే ఒక్కో దారంలో వరసగా అనేక క్రోమోజోమ్‌లు మెరుస్తుంటాయి. ఈ దృశ్యాన్ని గుర్తుపెట్టుకోండి, లెక్కల్లో ఇబ్బంది పెట్టేది ఇదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. మందు పెట్టి, ఆ మందు ఉన్న ప్లేట్ మీదే రెసిస్టెంట్ కాలనీలు లెక్కపెడితే ఏమీ తేలదు. ముందే ఉన్న రెసిస్టెంట్ కణాలు ఆ మందులో పెరిగి ఉండొచ్చు, కొత్తవి పుట్టి ఉండొచ్చు. అందుకే మేము సంబంధం లేని వేరే మందుతో లెక్కిస్తాం. ఇ. కోలైని కణాలను చంపేంత కాకుండా, పెరుగుదలను ఆపే కనీస మోతాదులో పావు వంతు సిప్రోఫ్లాక్సాసిన్‌లో పెంచుతాం. మామూలు ల్యాబ్ స్ట్రెయిన్‌కి ఆ కనీస మోతాదే మిల్లీలీటరుకు 0.016 మైక్రోగ్రాముల ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి పావు వంతు అంటే ఎంత కొంచెమో ఊహించుకోండి. తర్వాత మందు కడిగేసి, తాజా మాధ్యమంలో కాసేపు పెరగనిచ్చి, రిఫాంపిసిన్ ప్లేట్ మీద పరుస్తాం. ఆ ప్లేట్లు మందు రంగుకే నారింజగా ఉంటాయి, వాటి మీద తెల్లటి కాలనీలు బాగా కనబడతాయి. రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ ఆర్‌పీఓబీ అనే జీన్‌లో మార్పు వల్ల వస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌లో బతకడానికి ఆ మార్పు పెద్దగా ఉపయోగపడదు. కాబట్టి రిఫాంపిసిన్ కాలనీలు పెరిగాయంటే అది ఎంపిక వల్ల కాదు, మ్యుటేషన్లే ఎక్కువ పుట్టాయని అనుకోవచ్చు.

మధ్యలో కాసేపు పెరగనివ్వడం దాటవేయకూడదు. దారంలాంటి కణంలో ఎనిమిది క్రోమోజోమ్‌లు ఉంటే కొత్త మార్పు వాటిలో ఒక్కదానిలోనే ఉంటుంది. మిగతా ఏడూ పాత రకం ప్రొటీన్‌నే తయారుచేస్తుంటాయి, మందు దాన్ని పట్టుకుని కణాన్ని చంపేస్తుంది. కణం విడిపోయి, మారిన క్రోమోజోమ్ ఒక్కటే ఉన్న కూతురు కణం వచ్చి, పాత ప్రొటీన్ పలచబడితే గానీ రెసిస్టెన్స్ బయటపడదు. గైరేజ్ విషయంలోనూ ఇంతే.

ఇక అంకెల దగ్గర జాగ్రత్త. ఉదాహరణకి మందు లేని కల్చర్‌లో వంద కోట్ల బతికున్న కణాల్లో పది రిఫాంపిసిన్ కాలనీలు వచ్చాయనుకుందాం, అంటే పది కోట్లకు ఒకటి, ఇది మామూలుగా కనిపించే స్థాయే. మందు పెట్టిన కల్చర్‌లో అదే వంద కోట్లకు అరవై వచ్చాయి. ఆరు రెట్లు అని రాసేయాలనిపిస్తుంది. రాయకూడదు. మందు ఉన్నచోట కణాలు పుడుతూ, చస్తూ కూడా ఉన్నాయి. పుట్టే వేగంలో సగం వేగంతో చస్తున్నాయనుకోండి, చివరికి వంద కోట్లు మిగలాలంటే సుమారు రెండు వందల కోట్ల పుట్టుకలు జరిగి ఉండాలి. మ్యుటేషన్ వచ్చేది డీఎన్ఏ కాపీ అయినప్పుడు, అంటే పుట్టుకల లెక్కన. అప్పుడు అసలు పెరుగుదల ఆరు కాదు, మూడు రెట్లే. చచ్చే వేగం పుట్టే వేగంలో 80 శాతం ఉంటే పుట్టుకలు అయిదు రెట్లవుతాయి, ఆరు రెట్ల పెరుగుదల 1.2 రెట్లకు దిగిపోతుంది, దాదాపు ఏమీ లేనట్టే. దీనికి తోడు దారాల చిక్కు. విడిపోకుండా ఉన్న పొడుగు కణం ప్లేట్ మీద ఒక్క కాలనీగానే లెక్కకొస్తుంది. హారంలో సంఖ్య తగ్గితే నిష్పత్తి తనంతట తానే పెద్దదవుతుంది. అందుకని బతికున్న, చచ్చిన కణాల నిష్పత్తి విడిగా కొలవని పేపర్ చూస్తే, అందులోని రెట్ల సంఖ్యను నేను అలాగే తీసుకోను. 2018లో ఫ్రెనాయ్, బోన్‌హోఫర్ ఈ మరణాల లెక్కను పద్ధతిగా చూపించారు. ఈ రంగంలో ఉన్నవాళ్ళంతా దాన్ని చదవాలని నా అభిప్రాయం.

మరి ఎస్‌ఓఎస్ పాత్ర నిజంగా ఉందని ఎలా తెలుస్తుంది? లెక్స్‌ఏ తనను తాను కోసుకోలేకుండా మార్చిన స్ట్రెయిన్‌తో పోల్చాలి. 2005లో సర్జ్, రోమెస్‌బర్గ్ బృందం ఇలాంటి ఇ. కోలైని ఎలుకల తొడలోకి ఎక్కించి సిప్రోఫ్లాక్సాసిన్ ఇస్తే, మామూలు రకం రెసిస్టెన్స్ తెచ్చుకుంది, లెక్స్‌ఏ తెగని రకం తెచ్చుకోలేకపోయింది. ఆ ఫలితం చాలా బలమైనది. అయితే లెక్స్‌ఏ తెగకపోతే తప్పులు చేసే పాలిమరేజ్‌లే కాదు, జాగ్రత్తైన రిపేర్ కూడా సరిగా పెరగదు. ఆ స్ట్రెయిన్ అదే మోతాదుకు ఎక్కువగా చస్తుంది. బతికినవి తక్కువైతే వాటిలోంచి పుట్టే మ్యుటెంట్లూ తక్కువే. కాబట్టి దానితో పాటు రిపేర్‌ను ముట్టుకోకుండా ఆ పాలిమరేజ్ జీన్‌లను మాత్రమే తీసేసిన స్ట్రెయిన్‌ను కూడా పెడితే వాదన గట్టిపడుతుంది. వాళ్ళు అది కూడా చేశారు, పాలిమరేజ్ 2, 4, 5 మూడూ అవసరమేనని చూపించారు.

కొద్ది రెట్ల తేడాకు ఇంత గొడవ ఎందుకంటారా? సిప్రోఫ్లాక్సాసిన్ రెసిస్టెన్స్‌లో తరచుగా కనిపించే మొదటి మెట్టు గైరేజ్ ఏ ప్రొటీన్‌లో 83వ స్థానంలో సెరీన్ బదులు లూసీన్ రావడం. టీసీజీ అన్న కోడాన్‌లో మధ్య అక్షరం మారి టీటీజీ అయితే చాలు, మందుకు తట్టుకునే మోతాదు పది రెట్లకు పైగా పెరుగుతుంది. ఇ. కోలై జీనోమ్ సుమారు 46 లక్షల అక్షరాలు. వాటిలో ఒక నిర్దిష్ట అక్షరం ఒక తరంలో మారే అవకాశం సుమారు వెయ్యి కోట్లకు ఒకటి. వంద కోట్ల కణాలున్న ఇన్ఫెక్షన్‌లో ఆ మార్పు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ రేటు మూడు రెట్లు పెరిగినా ఉండే అవకాశం గణనీయంగా మారుతుంది. అంతకన్నా పెద్ద ఇన్ఫెక్షన్‌లో అయితే ఆ కణం మందు ఇవ్వకముందే సిద్ధంగా ఉంటుంది, అప్పుడు మందు చేసేది ఎంపిక మాత్రమే. మీ ప్రశ్నకు జవాబు ఇన్ఫెక్షన్ పరిమాణాన్ని బట్టి మారుతుందనడానికి కారణం ఇదే.

ఇంకొకటి చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. కలరా బ్యాక్టీరియాలో ఎస్ఎక్స్‌టీ అనే కదిలే డీఎన్ఏ ముక్క ఉంటుంది, దాన్ని సెట్‌ఆర్ అనే ప్రొటీన్ అణచి ఉంచుతుంది. బీబర్, హోఖుట్, వాల్డోర్ 2004లో చూపించిన ప్రకారం, ఎస్‌ఓఎస్ వచ్చినప్పుడు ఆ అణచివేత తొలగిపోయి ఆ ముక్క పక్క కణాల్లోకి వెళ్ళడం పెరుగుతుంది. ఇక్కడ కొత్త మ్యుటేషన్ అవసరమే లేదు. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, క్లోరాంఫెనికాల్, స్ట్రెప్టోమైసిన్‌లకు రెసిస్టెన్స్ జీన్‌లు ఆ ముక్కలో తయారుగా ఉంటాయి. సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చినప్పుడు, దానితో సంబంధం లేని ఆ మందులన్నిటికీ రెసిస్టెన్స్ ఒకేసారి పక్క కణానికి చేరిపోగలదు.