మూడు చెరువుల సర్వైవల్ కలిపి లెక్కేయడం ఎలా?

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర మాకు మూడు వనామీ చెరువులున్నాయి. 6 లక్షలు, 2 లక్షలు, 1 లక్ష పిల్ల వదిలాం. సర్వైవల్ వరసగా 60, 85, 90 శాతం వచ్చింది. కూడి మూడుతో భాగిస్తే 78. మా పార్ట్‌నర్ మాత్రం 69 దాటదంటున్నాడు. ఎవరిది కరెక్ట్?

జవాబు: మీ పార్ట్‌నర్‌దే కరెక్టన్నా. అల్లూరు వైపు మా మామ చెరువుల లెక్కలు నేనే రాస్తాను. పట్టుబడి అయ్యాక ఈ పేచీ మా దగ్గరా వస్తుంటుంది.

శాతాలను కాసేపు పక్కన పెట్టి రొయ్యల్ని లెక్కేయండి. మొదటి దాంట్లో బతికినవి 3.6 లక్షలు, రెండో దాంట్లో 1.7, మూడో దాంట్లో 0.9. మొత్తం 6.2 లక్షలు. వదిలింది 9 లక్షలు. భాగిస్తే 68.9 శాతం. మీరు మూడుతో భాగించినప్పుడు లక్ష పిల్ల ఉన్న చెరువుకీ, ఆరు లక్షలున్న చెరువుకీ ఒకే విలువ ఇచ్చారు. నిజానికి మీ పిల్లలో మూడింట రెండు వంతులు ఆ 60 శాతం చెరువులోనే ఉంది కాబట్టి మొత్తం లెక్క అటువైపే లాగుతుంది. మూడింటిలోనూ సమానంగా వదిలి ఉంటే మీ 78 సరిపోయేదే.

అనుమానం ఉంటే కాటా చీటీలు తీయండి. 78.3 శాతమే నిజమైతే 9 లక్షలకు 7.05 లక్షల రొయ్యలు దొరకాలి. 50 కౌంట్ అనుకుంటే అది 14,100 కిలోలు. 6.2 లక్షలకైతే 12,400. ఆ 1,700 కిలోల తేడా కాగితం మీద తప్ప కాటా మీద కనపడదు. వచ్చే పంటకు 78 నమ్ముకుని మేత డీలర్ దగ్గర అప్పు తెచ్చుకుంటే లేని సరుకు మీద తెచ్చుకున్నట్టే.

ఎక్సెల్‌లో అయితే పిల్ల సంఖ్య B లో, శాతం C లో వేసి ఇది రాయండి:

```
=SUMPRODUCT(B2:B4,C2:C4)/SUM(B2:B4)
```

కొందరు పిల్ల సంఖ్యకు బదులు ఎకరాలతో గుణిస్తారు. ఎకరాకు వదిలిన పిల్ల అన్ని చెరువుల్లో ఒకటే అయితే పర్వాలేదు. ఒకదాంట్లో ఎకరాకు రెండు లక్షలు, ఇంకోదాంట్లో లక్షన్నర వదిలితే మళ్ళీ తప్పే. ఏ శాతమైనా, రేషియో అయినా కింద దేంతో భాగించారో దాంతోనే గుణించాలి. సర్వైవల్‌కి కింద ఉండేది వదిలిన పిల్ల. ఎఫ్‌సీఆర్‌కి అలా కాదు, అక్కడ మేత కిలోలను పట్టిన రొయ్య కిలోలతో భాగిస్తాం. అందుకే మూడు చెరువుల ఎఫ్‌సీఆర్ కలపాలంటే పిల్ల సంఖ్య పనికిరాదు. మొత్తం మేతను మొత్తం పట్టుబడి కిలోలతో భాగించేయండి, సరిపోతుంది.