తెల్లవారితే ఏ వారం?

ప్రశ్న: మా కుటుంబ గ్రూపులో డెబ్బై దాటిన వాళ్ళూ ఉన్నారు, తెలుగు చదవడం రాని పిల్లలూ ఉన్నారు. తెలుగు, ఇంగ్లీషు కలిపి ఎలా రాస్తే ఇద్దరికీ సులువుగా అర్థమవుతుంది? ఎంత తెలుగు, ఎంత ఇంగ్లీషు ఉండాలి?

జవాబు:

ఎంత పాళ్ళలో కలపాలన్నది నన్నడిగితే అసలు ప్రశ్నే కాదు. మా గ్రూపులో అరవై మూడు మంది ఉన్నాం. ఇన్నేళ్ళలో జరిగిన గొడవల్లో ఒక్కటి కూడా ఇంగ్లీషు మాట ఎక్కువైనందుకు రాలేదు. అన్నీ రోజు దగ్గర, వేళ దగ్గర, క్రియ దగ్గర వచ్చినవే. మా తమ్ముడి గృహప్రవేశం సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

తమ్ముడు హైదరాబాదులో ఫ్లాట్ కొన్నాడు. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషాలకు. వాడు గ్రూపులో పెట్టిన సందేశం ఇది, ఉన్నది ఉన్నట్టు:

```
Gruhapravesam 17th sunday early morning 3.42
Catererki count cheppaka bayaluderandi
```

రెండు వరుసలు. అందులో రెండు తప్పులు. వాడి లెక్కలో ఒక్కటీ లేదు.

శనివారం రాత్రి తొమ్మిదింటికి, మేమంతా కొత్తింట్లో మామిడాకులు కడుతుండగా, రాజమండ్రి నుంచి పెదనాన్నగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, రేపు పొద్దున బండికి బయలుదేరుతున్నాం. సాయంత్రానికి వచ్చేస్తాం. కాసేపు నడుం వాల్చి లేచామంటే ముహూర్తానికి సరిపోతుంది" అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. ముహూర్తం ఇంకో ఆరున్నర గంటల్లో ఉంది. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని బయలుదేరినా అందదు. పాలు పొంగించడం పెద్దమ్మ చేతుల మీదుగా జరగాలని ఇంటిల్లిపాదీ అనుకున్న పని.

పెదనాన్నగారు చదవడంలో పొరపాటేమీ లేదు. ఆయనకు ఇంగ్లీషు బాగానే వచ్చు, ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు రాసిన మనిషి. చిక్కు భాషలో లేదు, రోజు ఎక్కడ మారుతుందన్న దగ్గర ఉంది. తమ్ముడికి రోజు అర్ధరాత్రి పన్నెండింటికి మారుతుంది, ఫోనులో మారినట్టు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. పెదనాన్నగారి లెక్కలో శనివారం రాత్రి 3:42 ఇంకా శనివారమే. ఆదివారం 3:42 అంటే ఆదివారం పగలు గడిచి, ఆ రాత్రి గడుస్తుండగా వచ్చే 3:42. అందుకే ఆయన ఆదివారం పొద్దుటి బండికి టికెట్లు తీసుకున్నారు. తమ్ముడికి ఆ రెండో లెక్క ఒకటి ఉందనే తెలియదు.

విచిత్రమేమిటంటే, పెళ్ళి శుభలేఖలు అచ్చువేసేవాళ్ళు ఈ చిక్కును ఎప్పుడో విప్పేశారు. "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం" అని వేస్తారు చూడండి, అది అలంకారం కాదు. రెండు లెక్కల వాళ్ళూ ఒకే రాత్రికి చేరాలని వేసే మాట. ఆ నాలుగు మాటలు ఉంటే పెదనాన్నగారు శనివారం మధ్యాహ్నానికే మా ఇంట్లో ఉండేవారు. మనవాళ్ళు శుభలేఖ మానేసి ఫోనులోకి వచ్చారు, వస్తూ వస్తూ ఆ ముక్కను ప్రెస్సులోనే వదిలేశారు.

ఇక రెండో వరుస. మా అత్తయ్య తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుని చదువుతుంది. ఆవిడ దాన్ని "చెప్పక బయలుదేరండి" అని చదివింది. తమ్ముడు రాయాలనుకున్నది "చెప్పాక బయలుదేరండి". ఒక్క దీర్ఘం. ఒకటేమో చెప్పిన తర్వాత రమ్మని, ఇంకొకటి చెప్పకుండా రమ్మని. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ `cheppaka` గానే ఉంటాయి. వంటవాళ్ళకు లెక్క చెప్పవద్దంటున్నాడు కదా అని అత్తయ్య తన వైపు తొమ్మిది మంది సంగతి ఎవరికీ చెప్పలేదు. పైగా "వీడేమిటి, వంటవాళ్ళకు తెలియకుండా రమ్మంటాడు, దొంగతనమా?" అని నాలుగు రోజులు మనసులో పెట్టుకుంది. తొమ్మిది మందికీ ఇడ్లీలు చాలలేదు. అది వేరే కథ.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం రెండు తరాలకూ అందే మధ్యేమార్గం అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. తెలుగు చదవగలిగిన పెద్దవాళ్ళకు అది కష్టం, తెలుగు సరిగ్గా రాని పిల్లలకు ఇంకా కష్టం. అది సులువుగా ఉండేది రాసేవాడికి ఒక్కడికే. అచ్చులో హ్రస్వం, దీర్ఘం తేడా పోతే ఏ మాటో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. భాష బాగా వచ్చినవాడు ఊహించగలడు. డాలస్‌లో పెరిగిన మా మేనకోడలు ఎలా ఊహిస్తుంది? అదే సందేశం తెలుగు లిపిలో ఉంటే, ఆ పిల్ల దాన్ని ఫోనుచేత పైకి చదివించుకుంటుంది. తనకు తెలుగు చదవడం రాదు కానీ వింటే అంతా అర్థమవుతుంది. ఇంగ్లీషు అక్షరాల తెలుగును చదవమంటే ఫోను దాన్ని ఇంగ్లీషు అనుకుని ఏదేదో పలుకుతుంది, మేము ఒకసారి స్పీకరులో పెట్టి పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

తెలుగు లిపిలో కొట్టడం కష్టమంటారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాట చూపించే కీబోర్డు ఫోనులోనే దొరుకుతుంది. దాంట్లో `cheppaka` అని కొట్టి చూడండి, పైన ఒకటికి రెండు మాటలు చూపిస్తుంది. ఏది కావాలో రాసేవాడు ఒక్కసారి ఎంచుకోవాలి. ఆ ఎంపిక ఆయన చేయకపోతే గ్రూపులో మిగతా అరవై రెండు మందీ చేయాలి, అందులో సగం మంది తప్పు చేస్తారు. పంపేముందు ఒకసారి చదువుకోవడం కూడా మరవకండి, కీబోర్డు దానంతట అదే మొదటి మాటను పెట్టేస్తుంది.

ఆ గృహప్రవేశం తర్వాత గ్రూపులో రాసే పని నా మీద పడింది. ఇప్పుడైతే అదే సందేశాన్ని ఇలా రాస్తాను:

```
శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం (ఫిబ్రవరి 17)
తెల్లవారుజామున 3:42 కు గృహప్రవేశం.
అందరూ శనివారం సాయంత్రం 6 లోపు వచ్చేయండి.
ఎంతమంది వస్తున్నారో గురువారం లోపు తమ్ముడికి ఫోన్ చేసి చెప్పండి.

Gruhapravesam: Sunday, 17 February, 3:42 AM
Reach by: Saturday, 16 February, 6 PM
Headcount: call by Thursday
```

కింద ఉన్నది పైదానికి అనువాదం కాదని గమనించండి. తెలుగు భాగంలో మాటలున్నాయి, మర్యాద ఉంది. ఇంగ్లీషు భాగంలో ఏమిటి, ఎప్పుడు, ఎప్పటిలోగా అన్నవి మాత్రమే ఉన్నాయి. పిల్లలు ఎలాగూ అంతకంటే చదవరు. ఒకే వాక్యంలో అటో ముక్క ఇటో ముక్క కలపడం మానేసి, ఇలా పైన ఒకటి, కింద ఒకటి పెడితే ఎవరి భాగం వాళ్ళు చదువుకుంటారు. మొత్తం ఏడెనిమిది వరుసలు దాటనివ్వను. పొడవైన సందేశాన్ని ఫోను సగంలో మడిచేసి "ఇంకా చదవండి" అంటుంది, అక్షరాలు పెద్దవి చేసుకున్న పెద్దవాళ్ళకు తెర చిన్నదవుతుంది. ఆ మడత కింద ఏముందో మా బాబాయి ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు.

"వచ్చేయండి" అన్న వరుస నాకు ముహూర్తం కంటే ముఖ్యం. ముహూర్తాన్ని ఎవరు ఎలా లెక్క వేసుకున్నా, శనివారం సాయంత్రం ఆరు అన్నది ఇద్దరి క్యాలెండర్లలోనూ ఒకటే. అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య పడే వేళ ఏదైనా ఉంటే, పగటిపూట పడే ఒక గడువును దాని పక్కన పెడితే పొరపాటు ముందే బయటపడుతుంది. నెల పేరు కూడా అక్షరాల్లోనే రాస్తాను. `5/7` అంటే మనకు జులై 5, మా మేనకోడలికి మే 7. అమెరికాలో నెల ముందు రాస్తారు. ఆ పిల్ల ఒకసారి తాతగారి పుట్టినరోజుకు రెండు నెలల ముందే ఫోన్ చేసి పాట పాడింది, ఆయన మాత్రం మహా సంబరపడ్డారు.

ఇంగ్లీషు మాటల్లో ఏవి తెలుగు లిపిలో పెట్టవచ్చు అన్నదానికి నా పరీక్ష ఒక్కటే. ఆ మాట అత్తయ్య నోటి నుంచి నేను ఎప్పుడైనా విన్నానా? టిఫిను, హాలు, లిఫ్టు, పార్కింగ్, టికెట్టు విన్నాను. కాబట్టి అవి యథేచ్ఛగా వాడతాను. "వెన్యూ" వినలేదు, అక్కడ "ఎక్కడంటే" అని రాస్తాను. ఇంకో వైపు పిల్లలకు "ఈశాన్యం వైపు గేటు" అన్నా, "దశమి నాడు" అన్నా ఏమీ తెలియదు, వాళ్ళ కోసం తేదీ తప్పనిసరి. లిఫ్టుకు తెలుగులో కొత్త మాట కట్టి వాడే పండితులు మా గ్రూపులో ఒకరున్నారు, ఆయన సందేశానికి మళ్ళీ నేను అర్థం రాయవలసి వస్తుంది. ఫ్లాట్ నంబరు, బ్లాకు పేరు మాత్రం బోర్డు మీద ఎలా ఉంటే అలా, `C Block 402` అనే రాస్తాను. వాచ్‌మన్‌కు చూపించవలసింది అదే కదా.

ఇంత జాగ్రత్తగా రాసినా, పంపిన పది నిమిషాల్లో గులాబీ పూల శుభోదయాలు ఇరవై, బొటనవేళ్ళు నలభై వచ్చి దాన్ని పైకి తోసేస్తాయి. అందుకే సందేశాన్ని పైన పిన్ చేస్తాను, గడువు ముప్పై రోజులు పెట్టి. అక్కడితో ఆగకుండా, డెబ్బై దాటిన నలుగురికి విడిగా ఫోన్ చేసి "ఏ రాత్రి అనుకున్నారు?" అని అడుగుతాను. "అర్థమైందా" అని అడగను. అందరూ అర్థమైందనే అంటారు.

పెద్దమ్మ ఆదివారం సాయంత్రం వచ్చి, పొంగిన పాలు చల్లారిన గిన్నెను చూసి ఏమీ అనలేదు, మిగిలిన పులిహోర రెండు ముద్దలు తిని పడుకుంది. పెదనాన్నగారు మాత్రం ఆ రోజు నుంచి జాగ్రత్తపడిపోయారు. మొన్న తమ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పిలుస్తూ గ్రూపులో స్వయంగా తెలుగులో కొట్టారు: "బుధవారం పగలు 11 గంటలకు వ్రతం. తెల్లవారితే గురువారం."