పోటీ చీరల పేజీలు చూసేటప్పుడు ఎక్కడ వెతకాలి, ఏం తీసుకోవాలి

ప్రశ్న: మంగళగిరి కాటన్ చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. మిగతా పేజీలు చూస్తుంటే తెలియకుండానే వాళ్ళలాగే రీల్స్ తీస్తున్నాను. వాళ్ళని చూసి నేర్చుకోవాలి గానీ కాపీ కొట్టినట్టు ఉండకూడదు. అసలు ఏం చూడాలి, ఎలా చూడాలి?

జవాబు:

రీల్స్ కంటే ముందు వాటి కింద కామెంట్లు చదవండి. రీల్‌లో ఉండేది అమ్మేవాళ్ళు చెప్పాలనుకున్నది. కొనేవాళ్ళు తెలుసుకోవాలనుకున్నది కామెంట్లలో ఉంటుంది. ఈ రెండూ ఎక్కడ కలవలేదో అక్కడే మీకు చోటుంది. పైగా కామెంట్ల నుంచి మొదలుపెడితే కాపీ అనే సమస్య చాలావరకు రాదు. మీ చేతికి వచ్చేది ఒక ప్రశ్న మాత్రమే, దానికి జవాబు మీ చీరతో మీరే తయారు చేసుకోవాలి కాబట్టి.

ముందు పేజీలు ఎంచుకోండి. ఆరు చాలు. మీ అంత ఫాలోయర్లు ఉండి, మీ ధరల్లోనే మంగళగిరి అమ్మేవి మూడు. మీకంటే బాగా పెద్దవి రెండు. ఆరోది చీరలు అమ్మని పేజీ అయితే మంచిది, కానీ కొనేవాళ్ళు మీవాళ్ళే అయి ఉండాలి. ఆఫీసుకి కాటన్ చీర కట్టుకెళ్ళే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మీ కస్టమర్లు అనుకుంటే, వాళ్ళకి రెడీమేడ్ బ్లౌజులు అమ్మే పేజీ పెట్టుకోండి. లక్షల ఫాలోయర్లున్న పట్టుచీరల పేజీని మాత్రం వదిలేయండి. అక్కడ జనం ఎక్కువగా చూసి ఆనందించడానికి వస్తారు. ఆ లెక్కలు మీకు పనికిరావు.

ఒక్కో పేజీ నుంచి ముప్పై రీల్స్ తీసుకోండి. గత వారం రోజులవి వదిలేసి ఆ వెనకవి లెక్కపెట్టండి, ఎందుకంటే కొత్త రీల్ వ్యూస్ ఇంకా పెరుగుతూనే ఉంటాయి. పైన పిన్ చేసిన మూడు కూడా లెక్కలోకి వద్దు. అవి బాగా ఆడినవాటిలోంచి ఏరి పెట్టినవి. ఒక్కో పేజీకి ఒక షీట్ పెట్టి, అందులో తేదీ, రీల్ దేని గురించో నాలుగు మాటల్లో, వ్యూస్, కామెంట్లు, అంతే రాయండి. లైక్స్ అవసరం లేదు, చాలామంది దాచేస్తారు కూడా.

ఇక్కడ చాలామంది సగటు తీస్తారు. అది తప్పుదోవ పట్టిస్తుంది. ఇరవై తొమ్మిది రీల్స్‌కి తలా 2,000 వ్యూస్, ఒక్కదానికి 3,00,000 వచ్చాయనుకోండి. సగటు దాదాపు 12,000 అవుతుంది. నిజానికి ఆ పేజీలో ఒక్క రీల్‌కీ ఆ దరిదాపుల్లో వ్యూస్ రాలేదు. అందుకని వ్యూస్‌ని వరసగా పేరిస్తే నడిమధ్యలో నిలిచే సంఖ్యని, అంటే మీడియన్‌ని తీసుకోండి. వ్యూస్ C వరసలో ఉంటే ఈ సూత్రం F1 గడిలో పెట్టండి:

```
=MEDIAN(C2:C31)
```

D వరసలో కామెంట్లు ఉంటాయి కాబట్టి, E2 గడిలో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=C2/$F$1
```

3 దాటిన రీల్స్‌కి రంగు వేయండి. ఆ పేజీ మామూలుగా తెచ్చుకునేదానికి ఇవి మూడింతలు తెచ్చుకున్నాయని అర్థం. ఏ పేజీని ఆ పేజీ మీడియన్‌తోనే పోల్చాలి. పెద్ద పేజీలో 20,000 వ్యూస్ మామూలు విషయం కావచ్చు, చిన్న పేజీలో 6,000 పెద్ద విషయం కావచ్చు.

రంగు వేసిన ప్రతిదాన్నీ నమ్మకండి. వ్యూస్ విపరీతంగా ఉండి కామెంట్లు మిగతా రీల్స్ అంతే ఉంటే, డబ్బు కట్టి బూస్ట్ చేశారేమో అనుమానించాలి. facebook.com/ads/library లో దేశం ఇండియా పెట్టి పేజీ పేరు వెతికితే, ఇప్పుడు నడుస్తున్న యాడ్స్, అవి ఏ తేదీన మొదలయ్యాయో కనబడతాయి. చీరల యాడ్స్‌కి ఎంత ఖర్చు పెట్టారో మన దేశంలో చూపించదు. కానీ ఒకే యాడ్ రెండు మూడు నెలలుగా ఆగకుండా నడుస్తోందంటే, దాని మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తోందని అనుకోవచ్చు. కామెంట్ల నిండా స్నేహితుల పేర్లు ట్యాగ్ చేసి ఉంటే అది ఉచిత బహుమతి పోటీ. ఇంకో పెద్ద పేజీతో కలిపి పెట్టిన రీల్ అయితే వ్యూస్ వాళ్ళ ఫాలోయర్లవి. ఈ మూడు రకాలనీ కొట్టేయండి.

ఇక కామెంట్లు. మిగిలిన రీల్స్ అన్నిటి నుంచీ కలిపి ఒక రెండు వందల ప్రశ్నలు ఎత్తి రాసుకోండి. "సూపర్", "నైస్", గుండె బొమ్మలు వద్దు. ప్రశ్నని వాళ్ళు రాసినట్టే రాయండి, మీ మాటల్లోకి మార్చకండి. "రంగు దిగుతుందా" అని అడిగినదాన్ని మీరు "నాణ్యత" అని రాసుకుంటే అసలు సంగతి పోయినట్టే. పక్క గడిలో జవాబు వచ్చిందా, అందరికీ కనబడేలా వచ్చిందా, "డీఎం చేయండి" అని వదిలేశారా అన్నది రాయండి.

కాటన్ చీరల పేజీ అయితే అన్నిటికంటే ఎక్కువ వచ్చేది "ధర ఎంత". అది ధర దాచినందువల్ల వచ్చిన ప్రశ్న. మీరు ధర రాస్తే తీరిపోతుంది, రాయండి కూడా, కానీ దాని మీద పేజీ నడవదు. దాన్ని పక్కన పెట్టాక మిగిలినవి చూడండి. లెక్క ఇలా తేలిందనుకుందాం: ముదురు రంగు దిగుతుందా అని 31, లోపల పెట్టీకోట్ కనబడుతుందా అని 22, బ్లౌజ్ ముక్క కలిసే ఉంటుందా అని 19, గంజి పెట్టాలా అని 9. బ్లౌజ్ ప్రశ్నకి దాదాపు అందరూ జవాబిచ్చారు. రంగు గురించి అడిగిన 31 మందిలో 24 మందికి "డీఎం" అనో, "గ్యారంటీ అండి" అనో వచ్చింది. ఆ ఆరు పేజీల్లో ఒక్కరూ ఉతికి చూపించలేదు. మీరు వెతుకుతున్న ఖాళీ అదే.

అయితే ఎవరూ చేయనిదల్లా అవకాశం కాదు. చేసి చూసి మానేసి ఉండొచ్చు. పేజీ వెనక్కి ఏడాది దాకా వెళ్ళి అలాంటి రీల్ ఏదైనా ఉందా చూడండి. ఉండి, మీడియన్‌లో సగం కూడా తెచ్చుకోలేదంటే, ఎలా తీశారో గమనించండి. ఒక మనిషి కూర్చుని రంగు దిగదు అని నోటితో చెప్పిన రీల్ ఆడలేదంటే, ఆ ప్రశ్న మీద జనానికి ఆసక్తి లేదని కాదు, మాటగా చెబితే నమ్మలేదని. ఉతికి చూపించినది కూడా ఆడకపోతే వదిలేయండి. ఇంకో కారణం కూడా ఉంటుంది: చూపిస్తే నిజంగానే రంగు దిగుతుంది కాబట్టి చూపించకపోవడం. అందుకే కెమెరా పెట్టకముందే మీ చీర మీద మీరు పరీక్షించుకోవాలి.

పరీక్ష తేలిక. తెల్ల జేబురుమాలు తడిపి పిండి, చీర ఒంటి మీద, అంచు మీద, కొంగు మీద విడివిడిగా పదేసిసార్లు గట్టిగా రుద్దండి. ముదురు ఎరుపు, నేవీ బ్లూ, మెరూన్ తప్పకుండా చూడండి. ఒక్కో అద్దకం విడతకి తేడా వస్తుంది కాబట్టి, పోయిన నెల చీర నిలిచింది కదా అని ఈ నెలదానికి హామీ ఇవ్వకండి. రుమాలు కొద్దిగా రంగు పట్టిందనుకోండి, దాన్నే చూపించండి. "మొదటి రెండుసార్లు విడిగా చన్నీళ్ళలో ఉతకండి, నానబెట్టొద్దు" అని చెప్పండి. రుమాలుకి రంగు అంటుకున్నది చూసి వెనక్కి తగ్గేవాళ్ళు కొందరుంటారు. కానీ కొన్నాక చీర తిప్పి పంపేవాళ్ళు వాళ్ళే అయ్యేవాళ్ళు.

ఇప్పుడు కాపీ సంగతి. పోటీ పేజీ నుంచి మీ నోట్‌బుక్‌లోకి రావాల్సింది ఒక్క వాక్యం, అది కూడా ప్రశ్న రూపంలో. "ఫలానా పేజీ రీల్, మేడ మీద తీగకి చీరలు ఆరేసి, ఈ పాటతో" అని రాసుకుంటే ఆఖరికి అదే తీస్తారు. "ఐదు ఉతుకుల తర్వాత ఈ మెరూన్ ఎలా ఉంటుంది?" అని రాసుకుంటే మీ చీర, మీ ఇల్లు, మీ చేతులు తప్ప వేరే దారి లేదు. రాసుకున్న రోజే షూట్ పెట్టుకోకండి. మూడు నాలుగు రోజులు ఆ పేజీలు తెరవకుండా ఉండి, నోట్‌బుక్ మాత్రమే చూసి తీయండి. చూసిన వెంటనే తీస్తే కెమెరా కోణం, మొదటి మాట, ఆఖరికి ఆ గొంతు తీరు కూడా వచ్చేస్తాయి.

వాళ్ళ ఫోటో, వీడియో, రాసిన కాప్షన్ ఏదీ వాడకూడదు, కాస్త మార్చి కూడా. ఆలోచన మీద కాపీరైట్ ఉండదు, ఆ ఆలోచనని ఒకరు తీసిన, రాసిన రూపం మీద ఉంటుంది. ఒకే నేతన్న దగ్గర ఇద్దరూ చీరలు కొన్నా సరే, అవతలివాళ్ళు తీసిన ఫోటో మీది కాదు. వాళ్ళు రిపోర్ట్ చేస్తే ఇన్‌స్టాగ్రామ్ ఆ పోస్టు తీసేస్తుంది, మళ్ళీ మళ్ళీ జరిగితే ఖాతా పోవచ్చు. వాళ్ళ కామెంట్లలో జవాబు రాని మనిషికి "మా దగ్గర ఉంది" అని మెసేజ్ పెట్టడం కూడా వద్దు. అది చూడటానికే బాగోదు, పైగా ఈ వ్యాపారంలో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే.

ఇంకో ఖాళీ తేదీల్లో దొరుకుతుంది. షీట్‌లో తేదీ వరస అందుకే. పోయినేడు శ్రావణమాసం దాకా వెనక్కి వెళ్ళి, వరలక్ష్మీ వ్రతానికి ఎన్ని రోజుల ముందు పండగ చీరలు మొదలుపెట్టారో చూడండి. వారం పది రోజుల ముందే మొదలుపెట్టారనుకోండి. కొరియర్‌కి నాలుగైదు రోజులు పోతాయి, శ్రావణంలో దర్జీ బ్లౌజ్ కుట్టివ్వడానికి పది రోజులైనా అడుగుతాడు. ఆ రీల్ చూసి కొన్నవాళ్ళు వ్రతానికి ఆ చీర కట్టలేరు. మీరు ఇరవై ఐదు రోజుల ముందు మొదలుపెట్టి, "బ్లౌజ్ కుట్టించుకోవడానికి టైముంది" అని చెప్పండి.

తీసినవి ఆడుతున్నాయో లేదో ఒక్క రీల్‌తో తేల్చకండి. ఒకే ప్రశ్న మీద మూడు రీల్స్, వారానికొకటి పెట్టండి: రుమాలు పరీక్ష ఒకటి, కొత్త బ్లౌజ్ ముక్క పక్కన ఐదుసార్లు ఉతికిన ముక్క పెట్టి ఒకటి, ఎలా ఉతకాలో ఒకటి. ఉతుకులకి రోజులు పడతాయి కాబట్టి ముక్కని ముందే కత్తిరించి మొదలుపెట్టండి. వ్యూస్ కంటే సేవ్‌లు, షేర్లు చూడండి, ఎలా ఉతకాలో చెప్పిన రీల్‌ని జనం దాచుకుంటారు. అన్నిటికంటే ముందు మీ ఇన్‌బాక్స్ చూడండి. "రంగు దిగుతుందా" బదులు "ఆ మెరూన్ ఇంకా ఉందా" అని అడగడం మొదలైతే నాలుగోది తీయండి. మూడు రీల్స్ తర్వాత కూడా మెసేజ్‌లలో ఏ మార్పూ లేకపోతే, లెక్కలో రెండో స్థానంలో ఉన్న పెట్టీకోట్ ప్రశ్నకి వెళ్ళండి: కిటికీ దగ్గర వెలుతురు వెనక నుంచి పడేలా నిలబడి, తెల్ల పెట్టీకోట్‌తో ఒకసారి, చీర రంగుదానితో ఒకసారి.